కొలతబల్ల పక్కన ఒక నోటుబుక్కు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నన్ను "కొత్త వ్యాపార ఆలోచనలు" అనే దాని మీద మాట్లాడమన్నారు. నా దగ్గర కొత్త ఆలోచన అంటూ ఒకటి ఉంటే ఇక్కడికి వచ్చి చెప్పేవాణ్ణి కాదు, ముందు మగ్గం మీదికి ఎక్కించేవాణ్ణి. నేను చెప్పేది ఒక నోటుబుక్కు గురించి. మా సంఘంలో మూడు సంవత్సరాలుగా రాస్తున్నాము. లెక్కల పుస్తకం కాదు, మినిట్స్ పుస్తకం కాదు. విన్నవి, చూసినవి రాసుకునే పుస్తకం. దాంట్లోంచి ఒక సరుకు ఎట్లా బయటికి వచ్చిందో మొదటినుంచి చివరిదాకా చెప్తాను. మిగతాది మీకే అర్థమవుతుంది.

ముందు, ఎందుకు మొదలైందో చెప్తాను. మాది పంచెల సంఘం. దీపావళికి, పొంగలికి చేతినిండా పని. ఆడి నెల వచ్చిందంటే కొన్ని మగ్గాలు వరసగా పదిహేను రోజులు ఖాళీ. ప్రతి ఆడిలోనూ కార్యవర్గం కూర్చునేది. "ఏదన్నా కొత్తది చేద్దాం, చెప్పండి" అనేవాళ్ళము. ఒకాయన టవల్ అంటాడు, ఒకాయన చొక్కా గుడ్డ అంటాడు, ఇంకొకాయన ఎగ్జిబిషన్‌లో చూసిన సంచి అంటాడు. ఆ పూట ఎవరికి ఏది గుర్తొస్తే అది. టీ తాగి లేచేసరికి అన్నీ మరిచిపోయేవాళ్ళము. సంవత్సరమంతా మనచుట్టూ జనం ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు. కొట్టు వాడు చెప్తాడు, చుట్టం చెప్తాడు, నేసే మనిషి చెప్తాడు. కావలసిన రోజున అందులో ఒక్కటీ నోటికి రాదు. అందుకని 200 పేజీల గీతల నోటుబుక్కు ఒకటి కొని, తాడు కట్టి కొలతబల్లకి వేలాడదీసినాము. పెన్ను కూడా కట్టేసినాము, లేకపోతే ఎవరి జేబులోకో పోతుంది.

కొలతబల్ల అని ఎందుకు అన్నానంటే, శనివారం నేసిన గుడ్డ తెచ్చి, కొలిచి, కూలి తీసుకునే చోటు అదే. సంఘంలో మాటలు పుట్టే చోటు కూడా అదే. ఆఫీసు గదిలో నా కుర్చీ దగ్గర పెట్టి ఉంటే అది నా పుస్తకం అయ్యేది, ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

రాసే పద్ధతి చిన్నది. కుడిపక్క పేజీలో మాత్రమే రాయాలి, ఎడమపక్క ఖాళీగా వదలాలి. ప్రతి మాటకీ ఒక నంబరు. తేదీ, ఎక్కడ, ఎవరు చెప్పింది, వాళ్ళ నోటి మాట ఉన్నదున్నట్టు. కొలతో ధరో వినబడితే అది కూడా. మూడు నాలుగు వరసలు చాలు. మంచిదా చెడ్డదా, లాభమా నష్టమా అనేది ఆరోజు రాయకూడదు. ఈ చివరి మాట పాటించడమే అందరికీ కష్టం. మనవాళ్ళు మాట వినగానే తీర్పు చెప్పేస్తారు. "అది జరిగే పని కాదులే" అని ఎవరన్నా అంటే, "కాకపోనీ, రాయి" అనడమే నా పని.

భాష గురించి ఒక మాట. ఇది మనలాంటి చోట్ల వచ్చే సమస్యే. నేను తెలుగులో రాస్తాను. మా కొడుకు వయసు వాళ్ళు తెలుగు మాట్లాడతారు గానీ రాయడం రాదు, తమిళ అక్షరాల్లో తెలుగు రాస్తారు. కన్నడం వైపు నుంచి వచ్చిన కోడలు ఒకామె కన్నడంలో రాస్తుంది. రాయనిచ్చినాము. చదివేరోజు రాసినవాళ్ళే చదివి వినిపిస్తారు. అక్షరం ఒకటే ఉండాలని పట్టుపట్టి ఉంటే సగం మాటలు పుస్తకంలోకి వచ్చి ఉండవు. బరంపురం వాళ్ళు ఒడియాలో రాసుకోండి, సోలాపూరు వాళ్ళు మరాఠీలో రాసుకోండి. చెప్పిన మనిషి మాట చెడకపోతే చాలు.

కుర్రవాళ్ళు ఫోన్‌లో ఫోటో తీస్తాము, మాట రికార్డు చేస్తాము అంటారు. చెయ్యనీండి. కానీ ఫోన్‌లో పడినది పెళ్ళి ఫోటోల కింద, పండగ మెసేజీల కింద అడుక్కి పోతుంది. కాబట్టి శనివారం కూలి తీసుకునే ముందు వారం ఫోటోలు చూసి, పనికొచ్చేది పుస్తకంలో రెండు వరసలు రాయాలి. ఫోటో సాక్ష్యానికి ఉంటుంది, చదవడం మాత్రం పుస్తకమే.

ఇంక ఏది రాయాలి, ఏది రాయకూడదు అనేది. మొదటి రెండు నెలలు మా పుస్తకం అంతా గొణుగుడు. "ఇప్పటి పిల్లలకి చేనేత అంటే ప్రేమ లేదు." "పవర్‌లూమ్ మన నోటికాడ కూడు తీసేస్తున్నాది." నిజమే కావచ్చు, కానీ దీంతో ఏం చేయగలం? ఇందులో మనిషి లేడు, గుడ్డ లేదు, కొలత లేదు. దీనికి బదులు, "కల్యాణ మంటపం దగ్గర కొట్టులో పెళ్ళికొడుకు ఆరడుగుల పొడుగు, 50 ఇంచీల పంచె కట్టుకుంటే చీలమండ బయటపడింది, 54 ఇంచీలు ఉందా అని అడిగి లేదంటే వెళ్ళిపోయినాడు" అని రాస్తే అది పనికొచ్చే మాట. ఫలానావాడు, ఫలానా కొలత అడిగినాడు, డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు, దొరకలేదు. ఇట్లాంటిది వారానికి రెండు వస్తే చాలు. నెలకి ఎనిమిదో పదో. సంవత్సరానికి నూరు చిల్లర.

చదవడానికి అమావాస్యని పెట్టుకున్నాము. మా వీధుల్లో అమావాస్యకి మగ్గం దిగుతారు కదా, అందరూ ఇంట్లోనే ఉంటారు. పొద్దున పూజ అయినాక ఒక గంట. ఐదారుగురు కూర్చుంటాము, అందులో ఇద్దరు ఆడవాళ్ళు తప్పకుండా ఉండాలి. ఆ నెల రాసినవి మాత్రమే కాదు, పుస్తకం మొదటి పేజీ నుంచి చదవాలి. దీన్ని చాలామంది ఒప్పుకోరు, పాతవి ఎందుకు అంటారు. కానీ పుస్తకం విలువంతా అందులోనే ఉంది. ఈ నెల 47వ నంబరు మాట వింటేనే ఆరు నెలల కింద రాసిన 12వ నంబరుకి అర్థం తెలుస్తుంది. ఒకదానికొకటి సంబంధం కనబడితే ఎడమపక్క ఖాళీ పేజీలో "47 చూడు" అని నంబరు వేస్తాము. ఆ ఖాళీ పక్క అందుకే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పొత్తిగుడ్డలు.

12వ నంబరు, కొలతబల్ల దగ్గర. మా పెద్దమ్మ వరస అయ్యే ఆమె, నలభై ఏళ్ళు నేసిన మనిషి, చెప్పింది: "మనవడు పుట్టినాడు. ఆసుపత్రికి పాత నూలు పంచె తెమ్మన్నారు. ఇల్లంతా వెతికితే ఒక్కటి లేదు. అన్నీ పాలిస్టరు కలిసినవే. నేసేవాళ్ళ ఇంట్లో పాత నూలుగుడ్డ లేక పక్కింటికి పోయి అడుక్కొచ్చినాము." అందరూ నవ్వినారు. రాసినాము.

19వ నంబరు. ఒక కొట్టు నుంచి నాలుగు పంచెలు తిరిగి వచ్చినాయి. కారణం, గంజి ఎక్కువ, ఒంటికి గుచ్చుకుంటున్నాది. మా స్టోరు చూసే అబ్బాయి వాటిని మూడుసార్లు ఉతికించి ఇంట్లో వాడుకుంటే "ఇంత మెత్తగా అయినాయి" అని చెప్పినాడు.

31వ నంబరు. బెంగళూరులో చుట్టాల ఇంటికి పోయిన మా సభ్యుడొకాయన రాసింది. పసిబిడ్డని చుట్టే గుడ్డలు మూడు కలిపి ఒక పాకెట్టు, ఫోన్‌లో తెప్పించినారు, 750 రూపాయలు. నాలుగు పక్కలా 40 ఇంచీలు. పల్చటి మిల్లు గుడ్డ. నాలుగు ఉతుకులకి అంచు కుట్టు విడింది.

38వ నంబరు. ఆసుపత్రిలో నర్సుగా చేసే మా వీధి అమ్మాయి చెప్పినది. కాన్పుకి వచ్చేవాళ్ళని ఉతికిన మెత్తటి నూలుగుడ్డలు నాలుగైదు తెచ్చుకోమంటారంట. కొత్త గుడ్డ ఉతక్కుండా తెస్తే గంజి ఉంటుందని వద్దంటారంట. చాలామంది ఏదో చీర చింపి తెస్తారంట.

47వ నంబరు, మళ్ళీ కొలతబల్ల. అరవై దాటిన ముగ్గురు నేతగాళ్ళు, "జరీ అంచు ఇంక మా కంటికి ఆనదు, సాదా గుడ్డ ఉంటే నేస్తాము, లేకపోతే మగ్గం దిగిపోతాము" అన్నారు.

55వ నంబరు నేనే రాసింది. ఆడిలో ఏ మగ్గం ఎన్నిరోజులు ఖాళీ అని. ఒక మగ్గం 17 రోజులు, ఒకటి 14, ఒకటి 11.

62వ నంబరు. గుడ్డలు ఉతికే ఆయన్ని మా స్టోరు అబ్బాయి ఊరికే అడిగినాడు, గంజి పూర్తిగా పోవాలంటే ఏం చేయాలి అని. ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున కొంచెం సోడా వేసి ఉడకబెట్టి, రెండు మంచినీళ్ళలో జాడించాలి అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పినాడు: 42 ఇంచీల గుడ్డ ఉడికినాక 40కి వస్తుంది.

ఈ ఏడు మాటలు పదకొండు నెలల్లో వచ్చినాయి. ఒకే మనిషి చెప్పింది కాదు, ఒకచోట పుట్టింది కాదు. మధ్యలో వేరే మాటలు ఎన్నో ఉన్నాయి. 62 చదివిన అమావాస్య రోజున, మా ఇద్దరు ఆడవాళ్ళలో ఒకామె వేలు పెట్టి 12కి తిప్పింది. అంతవరకూ 12 ఒక నవ్వులాట మాట. ఎడమపక్క పేజీ చూస్తే అప్పటికే అక్కడ 19, 38 అని నంబర్లు పడి ఉన్నాయి.

మేము పెట్టుకున్న లెక్క ఏమిటంటే, మూడు కలిస్తేనే దాన్ని ఒక దారి అంటాము. కొనే మనిషి ఎవరో కనబడాలి. మన దగ్గర ఉన్న మగ్గం, నూలుతో కుదరాలి. ఖాళీగా ఉన్న చెయ్యి ఒకటి ఉండాలి. ఇందులో 12, 31, 38 కొనేవాళ్ళ మాటలు. 19, 62 సరుకు మాటలు. 47, 55 చేతుల మాటలు. మూడూ ఉన్నాయి కాబట్టి పుస్తకం వెనకవైపు నుంచి తిప్పి ఒక పేజీ ఇచ్చినాము. వెనక పేజీలు దారులకి, ముందు పేజీలు మాటలకి. ఒక దారికి ఒక పేజీ, అంతే. దాంట్లో ఐదు సంగతులు రాయాలి: ఎవరు కొంటారు, ఏ నూలు ఏ మగ్గం, సుమారు ఎంత పడుతుంది, అన్నిటికన్నా తక్కువ ఖర్చులో ఎట్లా పరీక్ష చేయవచ్చు, ఏం జరిగితే మానేయాలి.

ఆ చివరిదాన్ని ముందే రాయడం చాలా ముఖ్యం. పని మొదలుపెట్టినాక మనకి దాని మీద పంతం వస్తుంది, అప్పుడు మానేయడానికి కారణం కనబడదు. పక్క ఊళ్ళో ఒక సంఘం ఒకే ఒక్క కొట్టువాడి మాట నమ్మి ఆరు మగ్గాలకి డాబీలు బిగించింది. ఆ కొట్టువాడు మొదటి సరుకు తీసుకున్నాడు, రెండోదానికి ఫోన్ ఎత్తలేదు. ఒక్క మాట మీద ఒక దారి వేయకూడదు. మా పద్ధతిలో కొనేవాళ్ళ వైపు నుంచే కనీసం రెండు వేరువేరు నోళ్ళు చెప్పి ఉండాలి.

పరీక్ష గురించి చెప్తాను. నేతగాడు పరీక్ష అనగానే పడుగు చేయడం గురించి ఆలోచిస్తాడు. మేము మగ్గం ముట్టుకోలేదు. గోడౌన్‌లో అమ్ముడుపోని సన్న అంచు పంచెలు ఉన్నాయి కదా, వాటిలో పది తీసి, 62వ నంబరులో చెప్పినట్టు నానబెట్టి ఉడికించి, ఒక్కొక్కటి మూడు ముక్కలు చేసి, అంచు కుట్టించి, కాన్పు అయిన ఆరు ఇళ్ళకి తలా ఐదు ముక్కలు ఉచితంగా ఇచ్చినాము. నెలరోజులు వాడి చెప్పమన్నాము. ఖర్చు ఉతుకుడుకి, కుట్టుకి మాత్రమే.

నెల తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు ఆ ఇళ్ళకి పోయి అడిగినారు. మగవాళ్ళు పోయి ఉంటే "బాగుంది" అని మర్యాదకి ఒక్కమాట చెప్పి పంపేవాళ్ళు. వీళ్ళకి చాలా చెప్పినారు. 50 ఇంచీల వెడల్పు పెద్దది, చుట్టితే కాళ్ళ దగ్గర మూట అవుతుంది. కింద పరచడానికి చిన్నవి ఎక్కువ కావాలి, చుట్టడానికి పెద్దవి రెండు చాలు. రంగు అంచు వద్దు, ఉతికితే రంగు దిగుతుందని భయం. ఒక తల్లి ఇంకొకటి చెప్పింది. ఒక ముక్క అంచు కుట్టు లోపలివైపు సరిగా మడవలేదు, పోగు ఒకటి ఊడి బిడ్డ కాలివేలికి చుట్టుకుంది. బిడ్డ ఏడుస్తుంటే కారణం తెలియలేదు, గుడ్డ విప్పి చూస్తే వేలు ఎర్రగా అయింది. వెంటనే తీసేసినారు, ఏమీ కాలేదు. కానీ పోగు గట్టిగా చుట్టుకుని ఎక్కువసేపు ఉంటే పసిబిడ్డ వేలికి రక్తం ఆగిపోతుంది, చాలా ప్రమాదం. ఆ మాటకి పుస్తకంలో చుట్టూ గీత గీసినాము. అప్పటినుంచి అంచు రెండు మడతలు మడిచి కుట్టాలి, ప్రతి ముక్కా తిరగేసి నాలుగు పక్కలా వేలితో తడిమి చూడాలి, వదులుగా ఒక్క పోగు ఉన్నా పక్కన పెట్టాలి. ఇది మేము ఎంత ఆలోచించి ఉన్నా మా బుర్రకి వచ్చేది కాదు.

ఆ తర్వాత పడుగు. 60వ నంబరు నూలు, పడుగూ పేకా రెండూ అదే. అచ్చులో ఇంచీకి 60 పోగులు, పేక 56. వెడల్పు 42 ఇంచీలు, ఉడికినాక 40కి రావాలి కాబట్టి. 40 మీటర్ల పడుగు ఒకటే వేసినాము. నేతలో ముడుచుకునేది, మగ్గం కొసన నేయకుండా మిగిలేది పోగా 37 మీటర్ల లోపు గుడ్డ దిగింది. 33 ముక్కలు వచ్చినాయి.

లెక్క ఇట్లా వచ్చింది, ఆరోజు మాకు దొరికిన రేట్ల ప్రకారం. ఒక పెద్ద ముక్కకి నూలు 55 గ్రాములు, వృథాతో కలిపి, 28 రూపాయలు. పడుగు పని, గంజి 6. నేత కూలి 66. ఉడకబెట్టడం, ఉతకడం 8. అంచు కుట్టు 7. కవరు, చీటీ 4. మొత్తం 119. సంఘానికి మిగులు కలిపి 138కి కొట్టుకి ఇస్తే, కొట్టువాడు 180కి అమ్మవచ్చు. 31వ నంబరులో మిల్లు గుడ్డ ఒక్కొక్కటి 250 పడింది కదా, దానికి తక్కువే.

ఇక్కడ నేత కూలి చూడండి. మీటరుకి 60 రూపాయలు అంటే ఎక్కువో తక్కువో చెప్పలేము. రోజుకి ఎంత అనేది చూడాలి. ఆ పెద్దాయన సాదా గుడ్డ రోజుకి ఆరు మీటర్లు నేస్తాడు, అంటే 360. పంచె నేసే రోజున ఆయనకి 380 దాకా వచ్చేది, కానీ ఈమధ్య కంటి వల్ల అంత దిగడం లేదు, 300 కూడా కష్టమే. కాబట్టి ఆయనకి ఇది మేలు. అదే ముప్పై ఏళ్ళ నేతగాడికి ఈ పని ఇస్తే నష్టం, వాడు జరీ పంచె నేస్తే ఎక్కువ వస్తుంది. అందుకని దారి పేజీలో "47వ నంబరు వాళ్ళకి మాత్రమే, ఆడిలో అయితే ఎవరికైనా" అని రాసినాము. దారి బాగుందా అని అడగడం వేరు, ఎవరికి బాగుంది అని అడగడం వేరు.

మానేయాల్సిన కారణం అని ముందే రాసుకున్నది ఏమిటంటే, పవర్‌లూమ్ గుడ్డ ఇదే మెత్తదనంతో 90 రూపాయలకి మన కొట్లలోకే వస్తే మానేయాలి. సాదా గుడ్డ కాబట్టి అది ఎప్పుడైనా జరగవచ్చు. దీన్ని దాచి చెప్పకూడదు. మన బలం నేత డిజైన్‌లో లేదు. ముందే ఉడికించి గంజి తీసి, అంచు తడిమి చూసి ఇవ్వడంలో ఉంది, నర్సు అమ్మాయి, వీధి ఆడవాళ్ళు నోటితో చెప్పడంలో ఉంది. కాబట్టి ఇది మా చుట్టుపక్కల నడిచే సరుకు. దీన్ని నమ్ముకుని ఇరవై మగ్గాలు పెట్టేది కాదు. ఇప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళు సంవత్సరం పొడుగునా దీని మీదే ఉన్నారు, ఆడిలో ఇంకో మూడు మగ్గాలు చేరుతాయి. పెద్దవి రెండు, చిన్నవి నాలుగు ఒక కట్టగా కడతాము. బారసాలకి ఇవ్వడానికి జనం కొంటారని మేము అనుకోలేదు, ఇప్పుడు సగం అమ్మకం దానికే.

ఇంక పుస్తకం వెనక పేజీల్లో ఉన్న మిగతావి. మొత్తం తొమ్మిది దారులు రాసినాము. అన్నీ చెప్పను, రెండు చెప్తాను.

54 ఇంచీల పంచె. పెళ్ళికొడుకు చెప్పింది ఒకటి, తర్వాత ఇద్దరు కొట్లవాళ్ళు కూడా అడిగినారు. కొనేవాళ్ళు నిజంగా ఉన్నారు. కానీ మా మగ్గాల్లో 52 ఇంచీలకి మించి అచ్చు పట్టదు. మగ్గం మార్చాలి. ముగ్గురు అడిగినదానికి మగ్గం మారుస్తామా? పేజీ మీద "మగ్గం వెడల్పు" అని ఒక్క మాట రాసి ఆపినాము. కొట్టేయలేదు. ఎవరిదన్నా మగ్గం పాతబడి కొత్తది చేయించేటప్పుడు వెడల్పుగా చేయిస్తే ఆ పేజీ మళ్ళీ తెరుస్తాము. ఆపేసిన దారికి కారణం ఒక్క మాటలో రాసి ఉంచితే, ఆ కారణం తీరినరోజు మనకే తెలుస్తుంది. కారణం రాయకపోతే నాలుగేళ్ళకి మళ్ళీ అదే వాదన మొదటినుంచి.

రెండోది దీపం వత్తులు. డిజైన్ మారినప్పుడు పాత పడుగుకి కొత్త పడుగు అతకడానికి కుదరదు, కొసన మూర, మూరన్నర నూలు కోసి పారేస్తాము. గుడి దగ్గర పూలు అమ్మే ఆమె నూలు వత్తులు ఎక్కడ దొరుకుతాయి అని అడిగిన మాట ఒకటి ఉంది. రెండూ కలుస్తాయి. కాల్చి చూస్తే గంజి ఉన్న నూలు పొగ ఎక్కువ, వాసన వేరు. ఉడికించినది బాగా కాలింది. రంగు నూలు పనికిరాదు, తెల్లది మాత్రమే. లెక్క వేస్తే ఒక కట్టకి మిగిలేది రెండు రూపాయలు కూడా లేదు. ఇంట్లో ముసలివాళ్ళు సాయంత్రం కూర్చుని చేసుకునేదానికైతే సరే. సంఘం పేరు మీద చేయడానికి కాదు. ఆ పేజీ ఒక ఇంటివాళ్ళకి ఇచ్చేసినాము, వాళ్ళు చేసుకుంటున్నారు.

మీ ఊళ్ళలో మాటలు వేరే ఉంటాయి. సోలాపూరులో చద్దర్ల దగ్గర ఏం వింటారో, బరంపురంలో పట్టు దగ్గర ఏం వింటారో నాకు తెలియదు. మా పొత్తిగుడ్డ తీసుకుపోయి మీరు నేస్తే మీకు నష్టం రావచ్చు. పుస్తకం తీసుకుపోండి.

పుస్తకం చెడిపోతున్నాదని ఎట్లా తెలుస్తుందో కూడా చెప్తాను, ఇది మాకు జరుగుతూనే ఉంటుంది. ఒక నెల మాటలన్నీ ఒకే చేతిరాతలో ఉంటే, ఆ ఒక్క మనిషి కుర్చీలో కూర్చుని రాస్తున్నాడని అర్థం. ధరగానీ కొలతగానీ లేని మాటలు వరసగా ఐదారు వస్తే మళ్ళీ గొణుగుడు మొదలైందని అర్థం. ఎగ్జిబిషన్ అయిన నెలలో పుస్తకం ఉబ్బిపోతుంది, అన్నీ వేరేవాళ్ళు చేసిన సరుకు బొమ్మలే. వాటిని వద్దనను గానీ, పక్కన ఒకటి రాయమంటాను: ఆ స్టాల్‌లో ఎవరు ఏం అడిగి దొరక్క పోయినారు? స్టాల్ నిండా ఉన్న సరుకు కన్నా అక్కడ లేక తిరిగిపోయిన మనిషి మనకి ముఖ్యం. రెండు అమావాస్యలు వరసగా చదవకపోతే మాత్రం పుస్తకం చచ్చినట్టే. రాయడం ఆగదు, కానీ అది ఊరికే కాగితం అవుతుంది.

ఎన్ని నెలలు పడుతుంది అని అడుగుతారు. మొదటి ఆరు నెలలు ఏమీ రాదు. మాకు మొదటి దారి పేజీ తొమ్మిదో నెలలో వచ్చింది, అది కూడా పనికిరాలేదు. పొత్తిగుడ్డలు పదకొండో నెలలో. రెండో సంవత్సరం నుంచి నెలనెలా ఏదో ఒకటి ముడిపడుతుంది, ఎందుకంటే వెనక చూసుకోవడానికి నూరు మాటలు ఉంటాయి. ఇప్పుడు కార్యవర్గం ఆడిలో కూర్చుంటే "ఏదన్నా చెప్పండి" అని ఎవరూ అనరు. వెనక పేజీలు తెరుస్తారు, వాటిలో ఈసారి చేతికి, నూలుకి, డబ్బుకి ఏది కుదురుతుందో చూస్తారు.

మూడో పుస్తకం నడుస్తున్నాది. పోయిన అమావాస్యకి చదివిన వాటిలో ఒక మాట నాకు ఇంకా తేలలేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న ముసలాయన ఒకడు, పంచె కట్టుకోవడం కష్టంగా ఉంది, లుంగీ అయితే గుడికి పోలేను, ఏం చేయాలి అని కొట్టులో అడిగినాడంట. కొట్టువాడు కట్టిన పంచెలాగా కనబడేటట్టు ముందే కుట్టి అంటించేవి చూపించినాడు. ఆయన అవి వద్దని పోయినాడు. ఎందుకు వద్దన్నాడో రాసిన అబ్బాయి అడగలేదు. ఆయన మళ్ళీ వస్తే అడగమని పక్కపేజీలో రాసి పెట్టినాము. మీ ఊళ్ళో ఇట్లాంటి మాట ఎవరన్నా విని ఉంటే, భోజనాల దగ్గర నాకు చెప్పండి, పుస్తకం సంచిలో తెచ్చినాను.